టీసీ వచ్చేదాకా పిల్లవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టమంటారు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖల ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ




తండ్రికి బదిలీ అయి చదువు మధ్యలో ఊరు మారిన పిల్లవాడికి మీ బడుల గుమ్మం దగ్గర మూడు జవాబులు వరసగా ఎదురవుతాయి. మొదటిది, "టీసీ పట్టుకు రండి." టీసీ తెచ్చాక, "పై రాష్ట్రం కాగితం కదా, దీనిమీద అక్కడి విద్యాధికారి కౌంటర్ సంతకం లేదే." అదీ చేయించుకొచ్చాక, "ఆన్‌లైన్‌లో మీవాడు ఇంకా పాత బడిలోనే కనిపిస్తున్నాడు, వాళ్లు వదలాలి." ఈ మూడు జవాబులు పూర్తయ్యేలోపు ఆ పిల్లవాడు ఎక్కడుండాలో మీరెవరూ చెప్పలేదు. ఇంట్లోనా? అద్దె ఇంటి అరుగు మీదా? పనికి వెళ్లే తండ్రి బండి వెనకా?

నేను ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అడ్మిషన్ రిజిస్టరు నా చేతులమీదుగా నడిచింది. రికార్డు షీట్లు, టీసీలు, బోనఫైడ్లు రాసి రాసి అలవాటైన వాణ్ణి కాబట్టి ఈ కాగితాల విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా అభ్యంతరం కాగితం మీద కాదు. పిల్లవాడికంటే ముందు కాగితం బడిలో అడుగుపెట్టాలన్న మీ ఆనవాయితీ మీద.

చట్టం ఇలా చెప్పలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఐదో సెక్షన్ ఒకసారి తీయండి. రాష్ట్రం లోపలైనా, రాష్ట్రం దాటైనా, ఏ కారణం చేతనైనా సరే, బడి మారవలసి వచ్చిన పిల్లలకు ఆ హక్కు ఉందని అందులో ఉంది. పాత బడి ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలని ఉంది. అది రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, వాయిదా వేయకూడదు అని విడిగా మరో వాక్యమే పెట్టారు. ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయుడి మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని కూడా రాశారు. ప్రభుత్వ బడికీ ఎయిడెడ్ బడికీ ఇందులో తప్పించుకునే దారి లేదు. కేంద్రీయ విద్యాలయాల వంటి వాటికీ, ఎయిడ్ లేని ప్రైవేటు బడులకీ మారే హక్కును మాత్రం ఈ సెక్షన్ ఇవ్వదు. అంటే మధ్యలో వచ్చిన పిల్లవాడికి చట్టం చూపించే తలుపు మీ ప్రభుత్వ బడిదే. ఆ తలుపు మీద "టీసీ లేనిదే ప్రవేశం లేదు" అని బోర్డు ఎవరు పెట్టమన్నారు?

పదిహేనో సెక్షన్ కూడా ఉంది. ప్రవేశాల గడువు దాటాక వచ్చినా కాదనకూడదు. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ఆ గడువు బడి తెరిచిన నాటి నుంచి ఆరు నెలలు. జూన్ 12న బడి తెరిచే మన దగ్గర లెక్కేస్తే డిసెంబరు రెండో వారం దాకా వచ్చినవాడు మామూలుగా చేరినవాడే. ఆ తరవాత వచ్చినవాడిని కూడా చేర్చుకోవాలి, పైగా వాడికి ప్రత్యేక శిక్షణ ఇప్పించవచ్చు. ఆ శిక్షణ ఎలా ఉండాలో ప్రధానోపాధ్యాయుడే నిర్ణయించుకోవచ్చు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, తెలుగు రాని పిల్లవాడి దగ్గరికి వచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

ఇప్పుడు మా పక్కవాటాలో దిగిన కుటుంబం సంగతి చెబుతాను. బడి పేరు చెప్పను. ఒక బడిని వేలెత్తి చూపించి మిగతావాళ్లు ఊపిరి పీల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

తండ్రిది సత్తుపల్లి వైపే. డంపర్ ఆపరేటరు. ఛత్తీస్‌గఢ్‌లో బైలాడీలా ఇనుప గనుల దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో ఏళ్ల తరబడి చేశాడు. కంపెనీకి సత్తుపల్లి బొగ్గు ఓపెన్‌కాస్టులో ఓబీ పని దొరికింది. ఓబీ అంటే బొగ్గు పైన ఉండే మట్టి, రాయి తొలగించే పని. యంత్రాలతో పాటు మనుషుల్నీ ఇటు పంపించారు. దీపావళి పోయాక వచ్చి పెనుబల్లిలో అద్దెకు దిగారు. పిల్లవాడు ఆరో తరగతి. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదివింది మాత్రం ఒకటో తరగతి నుంచీ హిందీ మాధ్యమం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

టీసీ ఉంది, హిందీలో. కౌంటర్ సంతకం లేదు. దానికోసం తండ్రి భద్రాచలం, కొంట, సుక్మా మీదుగా దంతెవాడ పోయి రావాలి. కొత్త చోట చేరిన వారంలోనే సెలవడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. మరో చిక్కు పేరు దగ్గర వచ్చింది. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం. అక్కడి బడిలో ఇంటిపేరును వెనక్కి జరిపి రాసుకున్నారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందే ఉంది, అదీ ఒక్క అక్షరంగా. ముగ్గురు వేరు వేరు పిల్లలని అనుకోవడానికి కంప్యూటరుకు ఇంతకంటే ఏం కావాలి?

"మాస్టారూ, వీడు పగలంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడు. బళ్లోకి రానిస్తే చాలు, కాగితాలు నేనే ఎట్లాగో తెప్పిస్తా" అని తల్లి వచ్చి అడిగింది. నేను వెళ్లి ఆ ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడాను. అతను చెడ్డవాడు కాదు. ఐదో సెక్షన్ అతనికీ తెలుసు. అతని భయం వేరు. "సార్, కేంద్రం వాళ్ల యూడైస్ ప్లస్‌లో వీడి పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి చూశాను. పాత బడిలో యాక్టివ్ అని వస్తోంది. వాళ్లు వదిలితే తప్ప నేను ఇక్కడికి లాక్కోలేను. రిలీజ్ రిక్వెస్టు పెట్టాను, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ రిజిస్టరులో పేరు రాసి, అక్కడా పేరుంటే, రేపు ఒకే పిల్లవాడు రెండు బళ్లలో ఎట్లా ఉన్నాడని నన్ను అడుగుతారు. ఎవరికి సంజాయిషీ ఇచ్చుకోను?"

అధికారులారా, అసలు ముడి ఇక్కడుంది. పెన్ అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే పదకొండు అంకెల శాశ్వత సంఖ్య. పిల్లవాడు ఎక్కడికి పోయినా వెంట ఉండాలని, ఒకే పేరు రెండు చోట్ల లెక్కకు రాకూడదని పెట్టారు. మంచిదే. కానీ పాత బడి వదిలితేనే కొత్త బడి అందుకునేలా దాన్ని కట్టారు. ఆ వదలడానికి గడువేమిటో, గడువు దాటితే ఏమవుతుందో ప్రధానోపాధ్యాయుడికి ఎవరూ చెప్పలేదు. కాగితం టీసీ చేతికి వచ్చినా అవతలి బడిలో కంప్యూటరు పని చూసే మనిషి సెలవులో ఉన్నాడంటే చాలు, వీడు ఇక్కడ లేనట్టే. చట్టమేమో ముందు కూర్చోబెట్టు, తరవాత కాగితం చూసుకో అంటుంది. మీ పద్ధతేమో ముందు కాగితం చూడు, తరవాత కూర్చోబెట్టు అంటుంది. రెండూ చదివిన ప్రధానోపాధ్యాయుడు దేనికి భయపడతాడు? ఏ రోజూ ఎవరూ తిరగేయని చట్టానికా, రోజూ తన పేరుతో తెరుచుకునే పోర్టల్‌కా?

చివరికి అతను మధ్యేమార్గం పట్టాడు. పిల్లవాణ్ణి తరగతిలో కూర్చోనిచ్చాడు, హాజరు పట్టీలో మాత్రం పేరు రాయలేదు. పేరు లేదు కాబట్టి పుస్తకాలు లేవు, యూనిఫారం లేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం దొరికింది. వంటచేసే అమ్మ వాడి పెన్ నంబరు అడగలేదు. పేరు పట్టీలోకి ఎక్కింది డిసెంబరు సగం దాటాక, తండ్రి ఒక రోజు కూలీ పోగొట్టుకుని దంతెవాడ వెళ్లొచ్చిన తరవాతే. చట్టం ప్రకారం మొదటి రోజే అయిపోవలసిన పని అది.

ఇది పై రాష్ట్రం కాబట్టి ఇట్లా అయిందనుకోకండి. పెనుబల్లికి తిరువూరు కూతవేటు దూరం. అటు ఆంధ్రప్రదేశ్, ఇటు తెలంగాణ. రోజూ బస్సులో పోయివచ్చే దూరంలో ఉన్న ఊరి టీసీకి కూడా ఇటు వస్తే "పై రాష్ట్రం" అన్న పేరే. 2014 దాకా ఒకే శాఖ, ఒకే రిజిస్టరు నమూనా, ఒకే పాఠ్యపుస్తకం. ఇవాళ రెండు శాఖలు పక్కపక్కనే ఉండి ఒకరి సంతకం ఒకరు గుర్తుపట్టనట్టు ఉండడం ఏం మర్యాద?

ప్రైవేటు బడి నుంచి వచ్చేవాడి బాధ ఇంకో రకం. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపుతారు, లేదా దానిమీదే బాకీ రాసి ఇస్తారు. టీసీ అనేది ఫీజు వసూలు చేసుకునే సాధనం కాదని 2024 జులైలో మద్రాసు హైకోర్టు తేల్చి చెప్పింది. మన దగ్గర ఆ మాట ఎవరు చెబుతారు? ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయుడి మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య అని చట్టం రాసింది సరే, ప్రైవేటు బడిలో సర్వీసు నిబంధనలు రాసేది కరస్పాండెంటే కదా. టీసీ ఆపమన్నది కూడా అతనే.

బదిలీ ఉత్తర్వులిచ్చే శాఖలకూ ఇందులో వాటా ఉంది. 2021 డిసెంబరు 6న తెలంగాణ ప్రభుత్వం 317 నంబరు జీవో ఇచ్చింది. ఉద్యోగుల్ని, ఉపాధ్యాయుల్ని కొత్త జిల్లాల కేడర్లకు పంచింది. పాత ఖమ్మం ముక్కలైన జిల్లాల మధ్య ఎంతోమంది మాకు తెలిసినవాళ్లు ఆ డిసెంబరులో, ఆ తరవాతి జనవరిలో మూటాముల్లె సర్దుకున్నారు. వాళ్ల పిల్లల బడి అప్పటికి సగం దాటింది. బడి నడిపే శాఖే తన ఉపాధ్యాయుల్ని బడి మధ్యలో కదిలించింది. ఉత్తర్వులో సీనియారిటీ గురించి ఉంది, భార్యాభర్తల గురించి ఉంది. పిల్లల టీసీ గురించి, మధ్యలో చేరే బడి గురించి ఒక్క వాక్యమైనా రాయాలని ఎవరికీ తోచలేదా? ఉపాధ్యాయుడి పిల్లవాడికే గతి లేకపోతే డంపర్ ఆపరేటరు కొడుకు గురించి మిమ్మల్ని అడగడం నాదే అత్యాశ అంటారా?

తొమ్మిది, పది తరగతుల సంగతి రెండు మాటల్లో చెబుతాను. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేశాక పిల్లవాడు బడి మారడం ఇక అయ్యే పని కాదు. అందుకే మా వైపు పదో తరగతి పిల్లల్ని తాత దగ్గరో మేనమామ దగ్గరో వదిలి తల్లిదండ్రులు బదిలీ మీద పోతారు. వాళ్లకు అది అలవాటైపోయింది. మీకు కూడా.

ఇక భాష. టీసీ బాధ ఒక నెలలోనో రెండు నెలల్లోనో తీరుతుంది. అసలు కష్టం ఆ తరవాతే మొదలవుతుంది. దాన్ని మీ ఏ ఫారంలోనూ రాసే గడి లేదు.

పేరు ఎక్కిన వారానికే ఆ పిల్లవాడి నోటు పుస్తకంలో లెక్కల ఉపాధ్యాయుడు "బేసిక్స్ లేవు" అని రాసి పంపించాడు. సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టుకుని కాగితం మీద అంకెలు మాత్రమే రాశాను. 3/4 కి 5/6 కలపమన్నాను. వాడు 9/12, 10/12 అని మార్చి 19/12 అని తేల్చాడు, ఒకటిన్నర దాటుతుందని కూడా నోటితో చెప్పాడు. బేసిక్స్ లేనివాడు ఇది చేయగలడా? తరవాత, "4, 6 ల క.సా.గు ఎంత?" అని అడిగాను. వాడు నా మొహం చూశాడు. ఇప్పుడే రెండు భిన్నాలకు వాడు వెతికింది అదే. వాడికి ఆ పేరు లఘుత్తమ సమాపవర్త్య. మూడోది ఒక మాటల లెక్క ఇచ్చాను. వి.ఎం.బంజర సెంటరులో సత్తుపల్లి బస్సు పన్నెండు నిమిషాలకొకటి, తిరువూరు బస్సు పద్దెనిమిది నిమిషాలకొకటి వస్తాయి, ఎనిమిదింటికి రెండూ కలిసి వస్తే మళ్లీ ఎప్పుడు కలిసి వస్తాయి అని. రాసిచ్చి చదవమంటే కాగితం పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నేను చదివి వినిపిస్తే, కాసేపు వేళ్ల మీద లెక్కేసుకుని, ఎనిమిది ముప్ఫై ఆరు అన్నాడు. సెంటరులో బస్సులు అంత టైముకు రావని వాళ్లమ్మ నవ్వింది, అది వేరే విషయం.

ఈ మూడు చిన్న పరీక్షలకు పావుగంట కూడా పట్టలేదు. అంకెల లెక్క తప్పితే అది లెక్కల లోపం. అంకెలు సరిగ్గా చేసి పారిభాషిక పదం దగ్గర ఆగితే అది పేరు తెలియకపోవడం, ఒక పేజీ పదాల పట్టికతో పోతుంది. విని చేసి, చదివి చేయలేకపోతే అది లిపి. మూడింటికీ మూడు వేరు వేరు మందులు. మూడూ కలిపి "బేసిక్స్ లేవు" అని రాసేస్తే పిల్లవాడు వెనకబడ్డవాళ్ల వరసలోకి పోతాడు, ఆ వరసలో మళ్లీ కూడికలు నేర్పుతారు. లెక్కలు వచ్చినవాడికి లెక్కలు నేర్పుతూ, చదవడం రానివాడికి చదవడం నేర్పకుండా ఏడాది గడిపేయడాన్ని మీరు ఏమని పిలుస్తారు?

మీకు గుర్తుందా, 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం తెచ్చారు. దానితో పాటు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే, 2020-21లో అలాంటివి తెచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివినవాడు ఇంగ్లిషుకు మారితే ఎదురు పేజీ చేయి పట్టుకుని నడిపిస్తుంది. మంచి ఆలోచనే, నేను మెచ్చుకుంటాను. కానీ మా పక్కవాటా పిల్లవాడికి ఆ పుస్తకం తెరిస్తే రెండు పేజీలూ గోడలే. ఎడమ పేజీ ఇంగ్లిషు, కొద్దిగా తెలుసు కానీ లెక్కలు ఆ భాషలో ఎప్పుడూ చదవలేదు. కుడి పేజీ తెలుగు, ఎవరైనా చదివితే అర్థమవుతుంది, తనంతట తాను చదవలేడు.

దీనికి మందు మీ దగ్గరే ఉంది. హైదరాబాదులో హిందీ మాధ్యమ బడులున్నాయి. వాటికోసం మన ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలే హిందీలో తయారయ్యాయి. పాఠం అదే, బొమ్మ అదే, అభ్యాసం అదే. ఆరో తరగతి లెక్కలు, సైన్సు పుస్తకాలు ఒక్కో ప్రతి తెప్పించి ఈ పుస్తకం పక్కన పెడితే, ఉపాధ్యాయుడు తెలుగులో చెబుతుంటే వాడు హిందీ పేజీలో వేలు పెట్టి వెంట వస్తాడు. ఒక పిల్లవాడికి రెండు పుస్తకాలు. మండల విద్యాధికారి ఒక ఉత్తరం రాస్తే అయిపోయే పని. అది ఎవరి బాధ్యతో ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

లిపి సంగతి మరీ తేలిక. నాగరి వచ్చినవాడికి అక్షరాల వరస కొత్తది కాదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వాడికి నోటికి వచ్చు. ఒకటో తరగతి పిల్లవాడికి నేర్పినట్టు "అ అమ్మ" దగ్గర మొదలుపెట్టి నెలలు పోగొట్టక్కర్లేదు. వాడు తప్పే చోట్లు కొన్నే, అవి ముందే చెప్పేయొచ్చు. పదం చివరి అకారాన్ని మింగేస్తాడు, "పలక" అని రాస్తే "పలక్" అని చదువుతాడు. హిందీలో హ్రస్వ ఎ, ఒ లకు వేరే అక్షరాలు లేవు కాబట్టి ఎ, ఏ మధ్య, ఒ, ఓ మధ్య తేడా కంటికి ఆనదు. అన్నిటికంటే ఎక్కువ తికమక ఒత్తుల దగ్గర. నాగరిలో ముందు పలికే హల్లు సగం రూపంలో ముందు వస్తుంది, తరవాతి హల్లు నిండుగా ఉంటుంది. మనకు ముందు పలికేది నిండుగా ఉండి, తరవాతిది ఒత్తై కిందికి పోతుంది. దీర్ఘం, గుడి, ఏత్వం పై అక్షరానికి తగులుతాయి. "పుస్తె" అని రాస్తే వాడు ఒత్తును వదిలేసి "పుసె" అంటాడు. ఈ నాలుగు తెలిసిన తెలుగు ఉపాధ్యాయురాలు రోజుకు అరగంట ఇస్తే, ఇంట్లో తెలుగు మాట్లాడే ఆరో తరగతివాడు సంక్రాంతి సెలవుల నుంచి వేసవి సెలవులలోపు పుస్తకం చదవగలడు. మావాడు ఫిబ్రవరి ఆఖరుకు తడుముకుంటూనైనా ఒక పేజీ చదివాడు. అది నా అరుగు మీద జరిగింది. మీ బడిలో జరగవలసిన పని.

ఇంట్లో తెలుగు లేని పిల్లలకు ఇంత తొందరగా కాదు. భద్రాచలం వైపు వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ కుటుంబాల పిల్లలకు, ఒడియా ఇంటి పిల్లలకు తెలుగు చదవడం కంటే ముందు తెలుగు వినడం రావాలి. వాళ్లకు అరగంట కాదు, వేరే ఏర్పాటు కావాలి. ఆ రెండు రకాల పిల్లల్నీ ఒక్క గంపలో వేయకండి.

ఇంకో చోట మావాడు నవ్వుకున్నాడు కూడా. మన బడుల్లో ఆరో తరగతిలోనే హిందీ మొదలు. మావాడి పక్కన కూర్చున్నవాళ్లు హిందీ అక్షరాలు దిద్దుతుంటే, వీడు హిందీలో కథ రాయగలవాడు, తను కూడా దిద్దుతూ కూర్చున్నాడు. తెలుగు పీరియడ్లో మునిగిపోయి, హిందీ పీరియడ్లో ఏ పనీ లేనివాణ్ణి ఊరికే కూర్చోబెట్టే బదులు, హిందీ పీరియడ్ వేళ తెలుగు నేర్పిస్తే ఎవరు వద్దంటారు? నమూనా నియమాల్లో ప్రధానోపాధ్యాయుడు నిర్ణయించే ప్రత్యేక శిక్షణ అన్న మాట ఇలాంటి చోటుకే పనికొస్తుంది. మీరు అతనికి ఆ అధికారం ఉందని గుర్తుచేయాలి, అంతే.

మార్కుల విషయం ఒకటి మిగిలింది. వాడొచ్చే నాటికి ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2, ఎస్‌ఏ-1 అయిపోయాయి. రిజిస్టరులో ఆ గడులు ఖాళీ. పాత బడి మార్కుల కార్డు హిందీలో వేరే లెక్కలో ఉంది. దాన్ని ఇక్కడికి మార్చి వేయాలా, ఇక్కడికి వచ్చాక రాసినవాటికే సగటు కట్టాలా అని తరగతి ఉపాధ్యాయురాలు నన్ను అడిగింది. నాకూ తెలియదు, నా కాలంలో కూడా మాకెవరూ చెప్పలేదు. చివరికి ఆ గడుల్లో "హాజరు కాలేదు" అని రాశారట. రాని రోజుల పరీక్షకు హాజరు కాలేదని ఒక పిల్లవాడి మీద రాయడం న్యాయమా?

ఈ రాతలు తరవాత ఎంత దూరం వెంటాడతాయో మీకు తెలియనిది కాదు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికుడెవరన్నది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆరో తరగతిలో పేరు ఎక్కడ ఎప్పుడు ఎక్కిందో, ఆ బోనఫైడ్ మీద పేరు ఎలా రాశారో, ఇరవై ఏళ్ల తరవాత ఉద్యోగం దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ పిల్లవాడు మళ్లీ దంతెవాడ దాకా పోయి వెతుక్కోవాలి. అందుకే టీసీ, రికార్డు షీట్ జాగ్రత్తగా రాయాలని నేనూ అంటాను. కానీ జాగ్రత్త చేయాల్సింది మీరు, మీ రెండు కార్యాలయాలు మాట్లాడుకుని. పిల్లవాడి తండ్రి కూలీ పోగొట్టుకుని కాదు.

అడిగేది ఎక్కువేమీ కాదు. రెండు రాష్ట్రాల శాఖలూ కలిసి ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. ఆధారం ఏదున్నా లేకపోయినా పిల్లవాడు వచ్చిన రోజే అడ్మిషన్ రిజిస్టరులో తాత్కాలికంగా పేరు రాయాలి, హాజరు ఆ రోజు నుంచే పడాలి, పుస్తకాలు ఆ వారంలోనే అందాలి అని అందులో ఉండాలి. పాత బడి నుంచి టీసీ, ఆన్‌లైన్ విడుదల తెప్పించే పని తల్లిదండ్రులది కాదు, కొత్త బడి ప్రధానోపాధ్యాయుడిది, అతని వల్ల కాకపోతే మండల విద్యాధికారిది అని ఉండాలి. విడుదల అభ్యర్థనకు వారంలోగా జవాబు రాకపోతే పై స్థాయి అధికారే వదిలేసే వీలు కోసం కేంద్రంతో మాట్లాడండి. విడుదల వచ్చేదాకా ఒక పేరు రెండు చోట్ల కనిపిస్తే దానికి ప్రధానోపాధ్యాయుణ్ణి నిలదీయబోమని అదే కాగితం మీద రాసివ్వండి. ఆ ఒక్క వాక్యం ఉంటే మా ఊరి ప్రధానోపాధ్యాయుడు నవంబరులోనే పేరు రాసేవాడు. భాష మారి వచ్చిన పిల్లవాడికి ఒక ఉపాధ్యాయురాలి పేరు, రోజులో ఒక పీరియడ్, పాత మాధ్యమంలో లెక్కలు, సైన్సు పుస్తకాలు అన్న మూడు గడులు అడ్మిషన్ ఫారంలో చేర్చండి. అవి నింపకుండా ఫారం పూర్తి కాకూడదు. ఖాళీ ఎఫ్‌ఏ గడుల్లో ఏం రాయాలో కూడా ఒక వాక్యం చెప్పండి.

ఈ మాటు కొత్త విద్యాసంవత్సరం మొదలవక ముందే ఆ సర్క్యులర్ వస్తుందా? వస్తే ఒక ప్రతి మా మండల విద్యాధికారి కార్యాలయం నోటీసు బోర్డుకు అంటించండి. సత్తుపల్లి గనుల్లో ఓబీ కాంట్రాక్టులు మారుతూనే ఉంటాయి. వచ్చే దీపావళికి మరో కుటుంబం పెనుబల్లిలో అద్దె ఇల్లు వెతుక్కుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
పెనుబల్లి, ఖమ్మం జిల్లా